ఊళ్లో 14 ట్రాక్టర్లు ఉన్నాయి, నేను డ్రోను కొనాలా?

ప్రశ్న: అన్నా, నాకు 24 ఏళ్లు. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేశాను. మాది మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింద వరి, మెట్ట మీద పత్తి. ఊళ్లో ఇప్పటికే 14 ట్రాక్టర్లు ఉన్నాయి. నా దగ్గర 3 లక్షలు ఉన్నాయి, మిగతాది అప్పు తెస్తాను. ట్రాక్టరు, రోటావేటరు కొని కిరాయికి తిప్పనా, మందు కొట్టే డ్రోను కొననా? డ్రోనుకు డీజిల్ ఖర్చు ఉండదు కాబట్టి వచ్చిందంతా మిగులే అని అమ్మేవాళ్లు చెబుతున్నారు. నిజమేనా?

జవాబు:

తమ్ముడూ, తొమ్మిదేళ్లు ట్రాక్టరు కిరాయికి తిప్పి, 2022 నుంచి డ్రోను నడుపుతున్నవాడిగా చెబుతున్నాను. రెండింటి లెక్కలూ నా పుస్తకంలో ఉన్నాయి. కింద రాసే రేట్లు, ఖర్చులు మా వైపు నాకు పడినవి. నీ ఊరి రేట్లు వేసుకుని మళ్లీ లెక్క కట్టుకో.

ముందు ట్రాక్టరు సంగతి త్వరగా తేల్చేద్దాం. కాలువ కింది ఊళ్లో ట్రాక్టరుకు అసలైన పని దమ్ము చేసే రోజుల్లో ఉంటుంది. సాగర్ నీళ్లు వదిలిన తర్వాత నెల రోజులు ఎవరికీ తీరిక ఉండదు, రాత్రిళ్లు కూడా లైట్లు వేసుకుని తిప్పుతారు. ఆ నెలలో నీ పదిహేనో ట్రాక్టరుకూ పని దొరుకుతుంది. చిక్కంతా మిగతా పదకొండు నెలల్లో ఉంది. అప్పుడు 14 ట్రాక్టర్లూ చెట్ల కింద నిలబడి ఉంటాయి, పాత పరిచయం ఉన్నవాడికే పిలుపు వస్తుంది. 45 హార్స్ పవర్ ట్రాక్టరుకు రోటావేటరు తగిలించి తిప్పితే నాకు గంటకు అయిదారు లీటర్ల డీజిల్ కాలేది. డ్రైవరు కూలి, బ్లేడ్లు, టైర్లు, ఆయిలు తీసేస్తే గంటకు 600 రూపాయల దాకా మిగిలేది. వాయిదా కట్టి ఇల్లు గడవాలంటే ఏడాదికి కనీసం 600 గంటలు తిరగాలి. నీ ఊళ్లో కొత్తవాడికి 300 గంటలు దొరికితే గొప్ప. పైగా కిరాయి డబ్బులు ధాన్యం అమ్మాకే చేతికి వస్తాయి, డీజిల్ మాత్రం బంకులో ఆ పూటే కొనాలి. ట్రాక్టరు వైపే నీ మనసు లాగుతుంటే, ట్రాక్టరు వద్దు, దాని వెనుక తగిలించే పనిముట్టు కొను. వరి గడ్డి కట్టలు కట్టే బేలరో, మడి చదును చేసే లేజర్ లెవెలరో మీ ఊళ్లో ఎవరి దగ్గరా లేకపోతే ఆ 14 మందీ నీకు పోటీదారులు కారు, వాళ్ల ట్రాక్టర్లే నీ పనిముట్టును లాగుతాయి.

ఇక డ్రోను. డీజిల్ ఖర్చు ఉండదన్న మాటను నమ్మి కొన్నవాళ్లు మా మండలంలో ముగ్గురు ఉన్నారు. ఇద్దరి డ్రోన్లు ఇప్పుడు ఇంట్లో గుడ్డ కప్పుకుని ఉన్నాయి. డ్రోనుకూ ఇంధన ఖర్చు ఉంది. అది బ్యాటరీలో దాగి ఉంటుంది కాబట్టి రోజువారీ కంటికి కనబడదు. మెకానిక్ బుర్ర ఉన్నవాడికి మిగతావాళ్ల కంటే ఎక్కువ మిగిలేదీ సరిగ్గా అక్కడే. అందుకే ఈ జవాబులో ఎక్కువ భాగం బ్యాటరీ గురించే రాస్తున్నాను.

మన దగ్గర ఎక్కువగా తిరిగేవి 10 లీటర్ల ట్యాంకు డ్రోన్లు. ఎకరానికి ఒక ట్యాంకు మందు, ఆరేడు నిమిషాల ఎగురుడు. ఒక్కో సెట్టులో రెండు లిథియం పాలిమర్ బ్యాటరీలు, ఒక్కోటి ఆరు సెల్లులది, 22,000 మిల్లీ ఆంపియర్ అవర్లది. సెట్టు ఒక ఎకరానికి సరిపోయి కాస్త మిగులుతుంది. ఆ కాస్త మిగిలిందని రెండో ఎకరం మొదలుపెట్టను, దించి సెట్టు మారుస్తాను. అంటే ఎకరానికి ఒక చార్జింగు అనుకో. ఒక సెట్టు నాకు 45,000 పడింది. మామూలు వాడకంలో 300 సార్లు చార్జింగుకు వచ్చింది. 45,000ను 300తో భాగించు, ఎకరానికి 150 రూపాయలు. అదీ డ్రోను తాగే డీజిల్.

ఒక రోజు పని మొత్తం లెక్క వేసి చూపిస్తాను. మా వైపు ఎకరానికి 400 తీసుకుంటున్నాను. రోజుకు 15 ఎకరాలు కొట్టాననుకో. ఎకరానికి బ్యాటరీ అరుగుదల 150. చార్జింగు ఖర్చు 20. సహాయకుడి కూలి రోజుకు 700, అంటే ఎకరానికి 47. సామాను మోసే బండి ఖర్చు 23. ప్రొపెల్లర్లు, నాజిళ్లు, పంపు, ఎప్పుడైనా ఒక మోటారు, వీటికి సగటున 30. మొత్తం 270 అయింది, 130 మిగిలింది. పదిహేను ఎకరాలకు 1,950. ఇప్పుడు రోజుకు 25 ఎకరాలు అనుకో. కూలి, బండి ఎకరానికి తగ్గుతాయి. చార్జింగు ఖర్చు మాత్రం 40కి పెరుగుతుంది, ఎందుకో కింద చెబుతాను. ఎకరానికి 138 మిగులుతుంది, రోజుకు 3,450.

ఏడాదికి ఇలాంటి రోజులు ఎన్ని? వానాకాలం, యాసంగి రెండూ కలిపి నాకు 100 రోజులు వస్తాయి. జూన్, జులైలలో నైరుతి గాలి పొద్దున్నే లేస్తుంది, కొన్ని రోజులు డ్రోను బయటికే తీయను. వాన పడినా అంతే. కాబట్టి 15 ఎకరాల లెక్కన ఏడాదికి 1,95,000. 25 ఎకరాల లెక్కన 3,45,000.

పెట్టుబడి కూడా చూడు. రెండు సెట్లతో డ్రోను 5.5 లక్షలు, ఇంకో నాలుగు సెట్లు 1.8 లక్షలు, రెండు చార్జర్లూ జనరేటరూ 60 వేలు, శిక్షణ 45 వేలు. మొత్తం 8.35 లక్షలు. నీ దగ్గర ఉన్న 3 లక్షలూ మొత్తం దీనిలో పెట్టలేవు, మొదటి నెలల ఖర్చులకు కొంత ఉంచుకోవాలి. 5.5 లక్షలు అప్పు తెచ్చి 11 శాతం వడ్డీతో నాలుగేళ్లలో తీర్చాలంటే నెలకు 14,200, ఏడాదికి 1.7 లక్షలు. ఇప్పుడు పోల్చి చూడు. రోజుకు 15 ఎకరాలు కొట్టేవాడికి వాయిదాలు పోగా ఏడాదికి పాతిక వేలు మిగులుతుంది, బీమా కట్టకముందే. 25 ఎకరాలు కొట్టేవాడికి 1.75 లక్షలు మిగులుతుంది. మా మండలంలో డ్రోను మూలన పెట్టిన ఇద్దరూ పదిహేను ఎకరాల దగ్గర ఆగిపోయినవాళ్లే. పైగా బ్యాటరీ డబ్బు పక్కన పెట్టలేదు. ఆరు సెట్లు 1,800 ఎకరాలకు అయిపోతాయి. ఆ రోజు 2.7 లక్షలు ఒక్కసారిగా కావాలి. నేను ఎకరానికి 150 చొప్పున ప్రతి సాయంత్రం వేరే ఖాతాలో వేస్తాను, ఇంట్లో ఎంత అవసరం వచ్చినా ముట్టుకోను.

ఇప్పుడు నీ చేతి పని ఎంత విలువైనదో చూడు. అదే సెట్టు 300 బదులు 450 సార్లు వచ్చిందనుకో. ఎకరానికి 150 ఉన్నది 100 అవుతుంది. 2,500 ఎకరాల మీద 1,25,000 రూపాయలు ఆదా. పాడు చేసుకుంటే 150 సార్లకే చచ్చిపోతుంది, అప్పుడు ఎకరానికి 300 అవుతుంది, ప్రతి ఎకరానికీ జేబులోంచి పెట్టుకుని ఊరికి సేవ చేసినట్టే. నా మొదటి రెండు సెట్లు 170 దగ్గర పోయాయి. ఇప్పుడు వాడుతున్నవాటిలో ఒకటి 430 దాటి ఇంకా నడుస్తోంది. తేడా అంతా నాలుగు అలవాట్లలో ఉంది.

మొదటిది, పూర్తిగా ఖాళీ చేయకపోవడం. సెల్లు నిండా ఉంటే 4.2 వోల్టులు చూపిస్తుంది. నేను 3.6 దగ్గర దించేస్తాను. రైతు గట్టు మీద నిలబడి ఇంకా రెండు సాళ్లే కదా అంటాడు. ఆ రెండు సాళ్లు బ్యాటరీ ఆయుష్షులోంచి పోతాయి. రెండోది, వేడి మీద చార్జింగు పెట్టకపోవడం. దించిన బ్యాటరీ చేతికి చురుక్కుమంటుంది. దాన్ని వెంటనే చార్జరుకు తగిలించడం కంటే పెద్ద తప్పు లేదు. గోరువెచ్చగా అయ్యేదాకా నీడలో పెట్టు. కొందరు తడి గోనెసంచి కప్పుతారు, కనెక్టర్లలోకి నీరు చేరుతుంది, వద్దు. ఎడ్లబండి కింద నీడ, కాస్త గాలి చాలు. మూడోది, నిండా చార్జింగు చేసి రోజుల తరబడి ఉంచకపోవడం. వాన ముసురు పట్టి నాలుగు రోజులు పని లేకపోతే, సెల్లుకు 3.8 వోల్టుల దాకా దించి పెట్టాలి. మంచి చార్జర్లలో నిల్వ కోసం అని ఒక మీట ఉంటుంది. నా మొదటి సెట్లు ఉబ్బింది ఇందుకే. రేపు పని ఉంటుందేమోనని నింపి పెట్టేవాడిని, ముసురు వారం ఉండేది.

నాలుగోది నోటు పుస్తకం. ప్రతి బ్యాటరీకి నంబరు వేసి, చార్జింగు మొదలుపెట్టే ముందు ఆరు సెల్లుల వోల్టేజీ రాస్తాను. అన్నీ దగ్గర దగ్గరగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. ఒక సెల్లు మిగతావాటి కంటే ప్రతిసారీ వెనకబడుతూ, ఆ తేడా వారం వారం పెరుగుతుంటే అది చివరి దశలో ఉందని అర్థం. తెరమీద మొత్తం శాతం బాగానే కనబడుతుంది, గాలిలో బరువు మీద ఉన్నప్పుడు ఆ ఒక్క సెల్లు కూలి డ్రోను పడిపోతుంది. డీజిల్ ఇంజన్లో ఒక సిలిండరు కొట్టకపోతే శబ్దం బట్టి నువ్వు పసిగడతావు కదా, ఇక్కడ శబ్దం రాదు, అంకెలే చెబుతాయి. కాస్త ఉబ్బిన బ్యాటరీని ఎంత ఖరీదైనదైనా ఆ రోజే పక్కన పెట్టు. ఇంట్లో పడుకునే గదిలో ఎప్పుడూ చార్జింగు పెట్టవద్దు. ఈ బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం.

చార్జింగు ఖర్చు ఎందుకు పెరుగుతుందన్నాను కదా. ఒక సెట్టు నింపడానికి దాదాపు ఒక యూనిట్ కరెంటు చాలు, ఇంట్లో అయితే తొమ్మిది రూపాయలు. అదే యూనిట్ పొలంలో పెట్రోలు జనరేటరు మీద తయారు చేస్తే 60 దాటుతుంది. ఆరు సెట్లు రాత్రి ఇంట్లో నింపి, మధ్యాహ్నం ఇంటికొచ్చి మళ్లీ ఆరు నింపితే 12 ఎకరాల దాకా ఇంటి కరెంటుతోనే గడుస్తుంది. పన్నెండు దాటిన ప్రతి ఎకరమూ జనరేటరు మీదే. అందుకే నేను మోటారు ఉన్న పొలం పక్క రైతు ఇంట్లోనో, ఊళ్లోని కొట్టు దగ్గరో మీటరు చూసి డబ్బు ఇచ్చే ఏర్పాటు చేసుకున్నాను. జనరేటరు మాత్రం తప్పదు. ఒక్కో చార్జరు ఒకటిన్నర కిలోవాట్ లాగుతుంది, రెండింటికి మూడు. చవకగా వస్తుందని 3 కె.వి.ఏ. జనరేటరు కొనకు, 5 కె.వి.ఏ. తీసుకో.

రోజుకు 25 ఎకరాలు ఎలా వస్తాయి? వేగంగా ఎగరేస్తే రావు. గాలి లేని వేళలు పొద్దున ఆరు నుంచి పది, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా. ఆ ఆరు గంటల్లో సగం బండి ఒక మడి నుంచి ఇంకో మడికి మార్చడానికే పోతే పన్నెండు ఎకరాలే అవుతాయి. నేను రైతుల్ని పేరు బట్టి రాసుకోను, కాలువ తూము బట్టి రాసుకుంటాను. ఒక తూము కింద నాట్లు వారం తేడాతో పడతాయి, పురుగూ తెగులూ కూడా ఒకేసారి వస్తాయి. ఆ తూము కింద పదిమంది కలిసి చెబితే ఎకరానికి 370కే కొడతాను, ఒక్కడే పిలిస్తే 450. మొదట్లో జనం గొణిగారు, తర్వాత వాళ్లే మాట్లాడుకుని పిలవడం మొదలుపెట్టారు. నీళ్లూ ముందే తెచ్చి ఉంచమంటాను. ఎకరానికి పది లీటర్లే కాబట్టి రెండు డ్రమ్ములు చాలు, కానీ కాలువలోని బురద నీరు పోస్తే నాజిల్ పూడుకుపోతుంది.

ఇప్పుడు నష్టపోయిన కథ ఒకటి చెప్పాలి. రెండో ఏడాది వరిలో వెడల్పాకు కలుపుకు 2,4-డి కొట్టాను. సాయంత్రం ట్యాంకును ఒకసారి నీళ్లతో తొలిపి పెట్టాను. మర్నాడు అదే డ్రోనుతో ఒక రైతు పత్తిలో రసం పీల్చే పురుగుకు మందు కొట్టాను. ఆరో రోజు ఆయన ఫోను చేశాడు. వెళ్లి చూస్తే పాత ఆకులు బాగానే ఉన్నాయి, కొత్తగా వచ్చిన ఆకులు మాత్రం వెడల్పు తగ్గి, వేళ్లలా చీలి, బెండ ఆకుల్లా ఉన్నాయి. పత్తికి 2,4-డి అంటే అంత భయం, ట్యాంకు గోడలకు, గొట్టాలకు అంటిన కాస్తే చాలు. రెండున్నర ఎకరాలు దెబ్బతిన్నాయి. తప్పు నాదేనని ఒప్పుకుని, పెద్దమనుషుల ముందు మాట్లాడి నష్టపరిహారం కట్టాను. ఆ సీజన్ మిగులంతా అందులోనే పోయింది. ఆ రైతు ఇప్పటికీ నన్నే పిలుస్తాడు, కానీ ఆ రోజు ఆయన పత్తి మధ్య నిలబడి ఏమీ మాట్లాడకుండా ఆకులు పట్టుకుని చూసిన చూపు మరిచిపోలేను.

ఇలాంటిది జరిగితే కారణం ఎలా గుర్తించాలో తెలుసుకో, ఎందుకంటే నీ మీద నింద పడ్డప్పుడు అది నీదో కాదో నీకు తెలియాలి. దెబ్బ డ్రోను తిరిగిన సాళ్ల వెంబడి చేనంతా ఉంటే ట్యాంకులో మిగిలిన మందు. గాలి వచ్చిన వైపు గట్టు దగ్గర ఎక్కువగా ఉండి లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంటే పక్క పొలం నుంచి తుంపర కొట్టుకొచ్చింది. ఇప్పుడు కలుపు మందులకు వేరే ట్యాంకు, వేరే గొట్టాలు, వేరే నాజిళ్లు పెట్టుకున్నాను, 2,4-డి మాత్రం అసలు ముట్టుకోను. నీకు నా గట్టి సలహా, మొదటి ఏడాది ఏ కలుపు మందూ ఒప్పుకోవద్దు. మీ ఊళ్లో వరి, పత్తి పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఇది మరీ ముఖ్యం. చేపల చెరువులు, పట్టు పురుగులకు వేసిన మల్బరీ తోటలు పక్కనున్న చోట పురుగు మందులు కూడా వద్దు. సింథటిక్ పైరెత్రాయిడ్లు చేపలకు, రొయ్యలకు కొద్ది మోతాదులోనే విషం.

గాలి విషయంలో కంటి అంచనాను నమ్మకు. చేతిలో పట్టే గాలి మీటరు తక్కువ ధరకే దొరుకుతుంది. గంటకు పది కిలోమీటర్లు దాటితే ఆపేస్తాను, రైతు అలిగినా సరే. పంటకు రెండు, రెండున్నర మీటర్ల ఎత్తులో ఎగిరితే మందు కింద పడుతుంది, అంతకంటే పైకి పోతే పక్కవాడి పొలంలో పడుతుంది.

మందు కలపడంలో ఒకే విషయం చెబుతాను, మిగతాది శిక్షణలో నేర్పుతారు. చేతి పంపుతో ఎకరానికి 150 నుంచి 200 లీటర్ల నీళ్లలో కలిపే మందును మనం 10 లీటర్లలో కలుపుతున్నాం. ఎకరానికి మందు మోతాదు అదే, చిక్కదనం పదిహేను, ఇరవై రెట్లు. అక్కడ తేడా రాని మందులు ఇక్కడ విరిగిపోతాయి. రైతు మూడు రకాల మందులు, పైన జింకు పొడి ఒక సంచిలో వేసుకొస్తాడు, అన్నీ కలిపి ఒకేసారి కొట్టమంటాడు. నేను ఒక లీటరు గాజు సీసాలో అదే నిష్పత్తిలో కలిపి పావుగంట గట్టు మీద పెడతాను. పెరుగులా విరిగినా, అడుగున ముద్ద కట్టినా, సీసా వేడెక్కినా ఆ కలయిక ట్యాంకులోకి పోదు. రైతు కళ్ల ముందే జరుగుతుంది కాబట్టి వాదన కూడా ఉండదు. మందు కలిపే మనిషికి అంత చిక్కటి మందు తగులుతుందని గుర్తుంచుకో. నీ సహాయకుడికి రబ్బరు చేతి తొడుగులు, కళ్లద్దాలు, మాస్కు లేకుండా బకెట్టు ముట్టనివ్వకు.

డ్రోను ఎక్కడ పనికిరాదో కూడా ముందే చెప్పడం నేర్చుకో. సుడిదోమ వరి కుదురు అడుగున, నీటికి కాస్త పైన ఉంటుంది. పొట్ట దశకు వచ్చి గుబురుగా మూసుకున్న వరిలో పైనుంచి కొట్టిన పది లీటర్లు అక్కడికి దిగవు. రెండు మీటర్లకు ఒక జానెడు కాలిబాట వదిలిన పొలమైతే తైవాన్ పంపుతో మొదళ్లు తడిసేలా కొట్టుకోమని నేనే చెబుతాను. మిర్చిలో పూలలో దాగే నల్ల తామర పురుగుకూ అంతే. ఇలా రెండు పనులు వదులుకున్నందుకు రెండు వందల ఎకరాల పని నమ్మకంగా వచ్చింది. డ్రోను మందు పని చేయలేదన్న మాట ఒక్కసారి ఊళ్లో పుడితే తిరిగి చెరపలేవు. నిలువెత్తు మొక్కజొన్న, నీరు నిలిచిన వరి, పాముల భయంతో కూలీలు దిగని చేలు, ఇవీ డ్రోనుకు తగిన చోట్లు.

చట్టం సంగతి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 2 నుంచి 25 కిలోల లోపు బరువున్నవి చిన్న డ్రోన్ల కింద వస్తాయి, నిండా మందు పోసిన 10 లీటర్ల డ్రోను సాధారణంగా ఇందులోనే ఉంటుంది. నడిపేవాడికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండి, పదో తరగతి పాసై, గుర్తింపు ఉన్న శిక్షణ సంస్థలో నేర్చుకోవాలి. డ్రోనుకు ఆ మోడలు నిబంధనలకు తగినదేనని ఇచ్చే టైప్ సర్టిఫికెట్, రిజిస్ట్రేషన్ నంబరు, థర్డ్ పార్టీ బీమా ఉండాలి. విమానాశ్రయాలు, సైనిక స్థావరాల దగ్గరి ఎర్ర మండలాల్లో అనుమతి లేకుండా ఎగరరాదు, మన పొలాలున్న పచ్చ మండలాల్లో 400 అడుగుల లోపు ప్రత్యేక అనుమతి అక్కరలేదు. టైప్ సర్టిఫికెట్ లేని డ్రోను లక్ష తక్కువకు ఇస్తామని వచ్చేవాళ్లు ఉంటారు. దానికి నంబరు రాదు. రేపు కరెంటు తీగకు తగిలి ఎవరికైనా గాయమైతే నీ ఇల్లు అమ్మాలి.

తీగల మాట వచ్చింది కాబట్టి, ఇప్పటిదాకా నా డ్రోను రెండుసార్లు పడింది, రెండూ తీగలకే. పెద్ద లైన్లు కనబడతాయి. స్తంభాన్ని నిలబెట్టడానికి ఏటవాలుగా భూమిలోకి లాగిన స్టే తీగ పొద్దున మంచులో కనబడదు. డ్రోను లేపే ముందు పొలం చుట్టూ ఒకసారి నడువు. సిగ్నల్ పోయినప్పుడు అది తనంతట తాను వెనక్కి వచ్చే ఎత్తును ఆ పొలంలోని ఎత్తైన చెట్టు కంటే పైన పెట్టు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఎత్తును అలాగే వదిలేసి, తాటిచెట్టుకు కొట్టుకున్న డ్రోనును నేనే బాగు చేశాను.

రాయితీ గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకు, వదులుకోనూ వద్దు. కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో కిరాయి కేంద్రం పెట్టే గ్రామీణ యువకుడికి డ్రోను ధరలో 40 శాతం, గరిష్ఠంగా 4 లక్షలు. వ్యవసాయ డిగ్రీ ఉన్నవారికి 50 శాతం, 5 లక్షల దాకా. డబ్బు ఎప్పుడు వస్తుందో నీ చేతిలో లేదు కాబట్టి పై లెక్కలో నేను దాన్ని కలపలేదు. వస్తే అప్పులో కట్టెయ్యి. ఇంకో దారి కూడా ఉంది. నమో డ్రోన్ దీదీ పథకంలో మహిళా సంఘాలకు 80 శాతం రాయితీతో, గరిష్ఠంగా 8 లక్షల దాకా సాయంతో డ్రోన్లు ఇచ్చారు. అక్కలు చక్కగా నడుపుతారు, కానీ మోటారు బేరింగు పోయినా, పంపు పట్టేసినా కంపెనీ మనిషి వచ్చేదాకా పది రోజులు ఆగుతాయి. పురుగు పది రోజులు ఆగదు. నువ్వు వాళ్ల దగ్గరికి పోటీగా వెళ్లకు, మెకానిక్‌గా వెళ్లు. నాకు వానాకాలంలో బాగుచేత పనే నెలకు పదిహేను వేలు తెస్తోంది.

ఇక నువ్వు ఇప్పుడే కొనవద్దు. ఈ వానాకాలం ఎవరైనా డ్రోను నడిపేవాడి దగ్గర సహాయకుడిగా చేరు, కూలి తీసుకునే చేరు. రోజూ మూడు అంకెలు రాసుకో. ఎన్ని ఎకరాలు కొట్టారు, గాలి వల్ల, బండి మార్చడం వల్ల ఎన్ని గంటలు పోయాయి, డబ్బు ఎంత చేతికొచ్చింది, ఎంత అరువు. పని ఉన్న రోజుల్లో సగటున 20 ఎకరాలు దాటితే యాసంగి ముందు కొను. దాటకపోతే కారణం కనుక్కో. ఊళ్ల మధ్య దూరమైతే నీ ఊళ్లో తూము వారీగా సరిచేయగలవు, పంటే చాలకపోతే సరిచేయలేవు. ఆలోపు శిక్షణ కూడా పూర్తి చెయ్యి.

కొనే రోజు అమ్మేవాడిని అడగాల్సిన ప్రశ్నలు రెండు. బ్యాటరీకి ఎన్ని చార్జింగులకు రాతపూర్వక హామీ ఇస్తాడు, మోటారూ స్పీడ్ కంట్రోలరూ ప్రొపెల్లర్లూ హైదరాబాదులో నిల్వ ఉన్నాయా లేక వేరే రాష్ట్రం నుంచి రావాలా. రెండింటికీ సూటిగా జవాబు చెప్పనివాడి దగ్గర అడ్వాన్సు కట్టకు. ఆ తర్వాత నీ కళ్ల ముందే ట్యాంకులో నీళ్లు పోయించి, నాలుగు నాజిళ్ల కింద నాలుగు చెంబులు పెట్టి ఒక నిమిషం వదలమను. చెంబులలోని నీళ్లు కొలిచి చూడు. ఒకదానిలో మిగతావాటి కంటే గమనించేంత తేడా ఉంటే, నాజిల్ మార్చి మళ్లీ కొలిచేదాకా సంతకం పెట్టకు.